ఆలస్యంగా చేరే మీటరు రీడింగులు – రోజువారీ వినియోగ లెక్క

విషయక్రమం

6.0 లక్ష్యాలు
6.1 ప్రస్తావన
6.2 మీటరు చెప్పేది, మనం లెక్కించేది
6.3 ప్రతి రీడింగుకూ రెండు సమయాలు
6.4 ఒక ఇంటి లెక్క
6.5 రాత్రి లెక్క చేయవలసిన పద్ధతి
6.6 ఖాళీ రోజులకు అంచనా
6.7 తెరమీద ఏం చూపాలి?
6.8 లెక్క తప్పిందని గుర్తించడం
6.9 సారాంశం
6.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
6.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

6.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు:

- మీటరు రీడింగుకూ, రోజువారీ వినియోగానికీ ఉన్న సంబంధాన్ని వివరించడం;
- ఒక రీడింగు ఆలస్యంగా చేరినప్పుడు ఏయే రోజుల లెక్కను తిరిగి చేయాలో నిర్ణయించడం;
- వాస్తవ వినియోగం, అంచనా, అందని రీడింగు అనే మూడింటినీ వేరుగా చూపడం;
- లెక్కలో జరిగిన పొరపాటును మొత్తాల ద్వారా పట్టుకోవడం.

6.1 ప్రస్తావన

విద్యుత్తు స్మార్ట్ మీటరు తన రీడింగులను సమాచార వ్యవస్థ ద్వారా కేంద్ర కంప్యూటరుకు పంపుతుంది. అక్కడ ప్రతి రాత్రి, ఉదాహరణకు 2 గంటలకు, ఒక ప్రోగ్రాము నడిచి ఏ రోజు ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో లెక్క కడుతుంది. ఉదయం వినియోగదారుడు డ్యాష్‌బోర్డు తెరిస్తే ఆ లెక్క గీతల రూపంలో కనిపిస్తుంది.

రీడింగులన్నీ సమయానికి వస్తే ఇది సులువైన పనే. అయితే మీటరు సెల్లారులో ఉండి సిగ్నలు అందకపోవచ్చు. చుట్టుపక్కల మీటర్ల నుంచి సమాచారం సేకరించే పరికరానికి కరెంటు పోవచ్చు. అప్పుడు మీటరు రీడింగులను తన మెమరీలో దాచుకొని, సంబంధం తిరిగి కుదిరినప్పుడు పంపుతుంది. అవి రెండు రోజుల తరవాత రావచ్చు. వాటిలో కొన్ని ముందు, కొన్ని వెనక రావచ్చు. ఒకే రీడింగు రెండుసార్లు కూడా రావచ్చు.

ఇలాంటి రీడింగులతో లెక్క తప్పితే నష్టం ఎవరికి? తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు వాడే అర్హత గల ఇళ్లకు కరెంటు బిల్లు ఉండదు. ఆ హద్దును దాటకూడదని జాగ్రత్తపడే కుటుంబానికి డ్యాష్‌బోర్డులో కనిపించే అంకె ముఖ్యమైనది. బిల్లును డ్యాష్‌బోర్డు నిర్ణయించకపోయినా, ఆ ఇంట్లో ఈ వారం కూలరు వేయాలా వద్దా అన్నది ఆ అంకెను చూసే నిర్ణయిస్తారు.

6.2 మీటరు చెప్పేది, మనం లెక్కించేది

ఈ రోజు ఎన్ని యూనిట్లు వాడారో మీటరులోని ప్రధాన రిజిస్టరు నేరుగా చెప్పదు. మీటరు బిగించినప్పటి నుంచి ఇప్పటివరకు మొత్తం ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో అది చెబుతుంది. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట. బండి ఓడోమీటరులో కిలోమీటర్లు పెరుగుతూ పోయినట్లే ఈ అంకె కూడా పెరుగుతూనే ఉంటుంది. ఒక రోజు వినియోగం కావాలంటే ఆ రోజు చివరి రీడింగు నుంచి మొదటి రీడింగును తీసివేయాలి.

దీని నుంచి రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, ఒక్క రీడింగు అందకపోతే రెండు రోజుల లెక్క చెడుతుంది. జూన్ 4 అర్ధరాత్రి రీడింగు జూన్ 3కు ముగింపు, జూన్ 4కు ఆరంభం. అది లేకపోతే రెండు రోజులూ విడిగా తెలియవు. రెండవది, మధ్యలో ఎన్ని రీడింగులు పోయినా, ఖాళీకి ముందూ వెనకా ఉన్న రీడింగులు అందితే మొత్తం వినియోగం కచ్చితంగా తెలుస్తుంది. ఆ మొత్తం ఏ రోజుకు ఎంత అన్నది మాత్రమే తెలియదు. పాఠంలోని మిగిలిన భాగమంతా ఈ రెండవ విషయం మీద ఆధారపడి ఉంటుంది.

6.3 ప్రతి రీడింగుకూ రెండు సమయాలు

ప్రతి రీడింగుతోపాటు రెండు సమయాలను భద్రపరచాలి. మీటరు ఆ అంకెను నమోదు చేసిన సమయం ‘రీడింగు సమయం’. అది కేంద్ర కంప్యూటరుకు అందిన సమయం ‘చేరిన సమయం’. ఉత్తరంలో రాసిన తేదీకి, కవరు మీద పడిన మన ఊరి తపాలా ముద్రకు ఉన్న తేడా లాంటిదే ఇది.

ఈ రెండు సమయాలూ రెండు వేర్వేరు పనులకు ఉపయోగపడతాయి. వినియోగాన్ని లెక్కించడానికి రీడింగు సమయాన్నే వాడాలి. నిన్న రాత్రి తరవాత కొత్తగా ఏమేమి వచ్చాయో వెతకడానికి చేరిన సమయాన్నే వాడాలి. వీటిని తారుమారు చేస్తే రెండు రకాల తప్పులు జరుగుతాయి. చేరిన వరసలో తీసివేతలు చేస్తే రోజుల అంకెలు అర్థంలేనివి అవుతాయి. ఇప్పటివరకు ఉన్న గరిష్ఠ రీడింగు సమయం కన్నా తరవాతివి మాత్రమే తీసుకుంటే, ఆలస్యంగా వచ్చిన పాత రీడింగు ఎన్నటికీ లెక్కలోకి రాదు. రెండవ తప్పు ఎక్కువ ప్రమాదకరం. ప్రోగ్రాము ఆగిపోదు, హెచ్చరికా ఇవ్వదు, డ్యాష్‌బోర్డులోని ఖాళీ మాత్రం ఖాళీగానే మిగిలిపోతుంది.

6.4 ఒక ఇంటి లెక్క

ఒక ఇంటి మీటరు ప్రతి రోజూ అర్ధరాత్రి, అంటే 00:00 గంటలకు, రీడింగు నమోదు చేస్తుందనుకుందాం. కింది పట్టికను పరిశీలించండి.

| రీడింగు సమయం | రీడింగు (యూనిట్లు) | చేరిన సమయం |
|---|---|---|
| జూన్ 1, 00:00 | 4812.0 | జూన్ 1, 00:25 |
| జూన్ 2, 00:00 | 4818.4 | జూన్ 2, 00:20 |
| జూన్ 3, 00:00 | 4825.1 | జూన్ 3, 00:30 |
| జూన్ 4, 00:00 | 4831.3 | జూన్ 6, 14:10 |
| జూన్ 5, 00:00 | 4841.5 | జూన్ 9, 11:40 |
| జూన్ 6, 00:00 | 4846.7 | జూన్ 6, 00:20 |
| జూన్ 7, 00:00 | 4853.0 | జూన్ 7, 00:15 |

జూన్ 1, 2 తేదీలకు చిక్కు లేదు. వాటి వినియోగం వరసగా 6.4, 6.7 యూనిట్లు. జూన్ 4, 5 తేదీల రీడింగులు మాత్రం ఆలస్యమయ్యాయి.

ముందుగా, వచ్చిన అంకె నుంచి అంతకుముందు వచ్చిన అంకెను తీసివేసే ప్రోగ్రాము ఏం చేస్తుందో చూద్దాం. జూన్ 6న 4846.7 చేరగానే అది 4825.1ని తీసివేసి, 21.6 యూనిట్లనూ జూన్ 5 ఖాతాలో వేస్తుంది. జూన్ 3, 4 సున్నాలుగా మిగులుతాయి. ఆ మధ్యాహ్నం పాత రీడింగు 4831.3 వస్తుంది. దాని నుంచి 4846.7 తీసివేస్తే –15.4 వస్తుంది. వినియోగం రుణసంఖ్య కాకూడదని ప్రోగ్రాము దాన్ని సున్నాగా మార్చిందనుకోండి. జూన్ 7న 4853.0 వచ్చినప్పుడు అంతకుముందు చేరినది 4831.3 కాబట్టి తేడా 21.7 అవుతుంది.

ఇప్పుడు కూడి చూడండి. 21.6, 0, 21.7 కలిపితే 43.3 యూనిట్లు. అదే కాలానికి నిజమైన వినియోగం 4853.0 – 4825.1 = 27.9 యూనిట్లు మాత్రమే. ఎక్కువగా చూపినది సరిగ్గా 15.4 యూనిట్లు. అంటే సున్నాగా మార్చిన రుణసంఖ్యే ఇక్కడ అదనంగా కనిపించింది. ఈ ఇంటి నెలసరి నిజమైన వినియోగం 192.3 యూనిట్లయితే, డ్యాష్‌బోర్డు కనీసం 207.7 అని చూపుతుంది. 200 హద్దు దాటని కుటుంబం దాటామని భయపడుతుంది.

6.5 రాత్రి లెక్క చేయవలసిన పద్ధతి

సరైన పద్ధతిలో మూడు మెట్లున్నాయి.

*మొదటి మెట్టు: కొత్తగా చేరినవాటిని వెతకడం.* కిందటి రాత్రి ఎక్కడివరకు చూశామో ఆ సమయాన్ని గుర్తుగా రాసిపెట్టుకోవాలి. ఈ రాత్రి పని మొదలుపెట్టే ముందే కొత్త గుర్తును నిర్ణయించాలి. ఈ రెంటి మధ్య చేరినవన్నీ తీసుకోవాలి.

```sql
SELECT meter_no, reading_time
FROM readings
WHERE arrived_at >  :last_mark
  AND arrived_at <= :this_mark;
```

ఇక్కడ షరతు `arrived_at` మీద ఉందని గమనించండి. ఒక రీడింగు డేటాబేసులో పూర్తిగా నమోదు కావడానికి కొంత సమయం పట్టవచ్చు. గుర్తు దగ్గర అలాంటివి జారిపోకుండా, పాత గుర్తును ఒక గంట వెనక్కి జరిపి వెతకడం మంచిది. కొన్ని రీడింగులు రెండు రాత్రులూ ఎంపికైనా, మూడవ మెట్టులో చెప్పే పద్ధతి వల్ల హాని ఉండదు.

*రెండవ మెట్టు: ఏ రోజులు మారతాయో నిర్ణయించడం.* కొత్త రీడింగుకు రీడింగు సమయం ప్రకారం వెంటనే ముందున్న రీడింగును, వెంటనే తరవాత ఉన్న రీడింగును వెతకాలి. ఆ రెంటి మధ్యనున్న రోజుల లెక్కే మారుతుంది, మిగిలిన రోజులు మారవు. జూన్ 4 రీడింగు చేరినప్పుడు దానికి ముందున్నది జూన్ 3ది, తరవాత ఉన్నది జూన్ 6ది. కాబట్టి జూన్ 3, 4, 5 తేదీల లెక్కను తిరిగి చేయాలి. తరవాతి రీడింగు ఇంకా రాకపోతే ముందున్న రీడింగు నుంచి కొత్త రీడింగు వరకు లెక్కిస్తే చాలు.

కొందరు ఈ వెతుకులాట మానేసి, ప్రతి రాత్రి కిందటి 10 లేదా 45 రోజులను మొత్తంగా తిరిగి లెక్కిస్తారు. అది కూడా సరైనదే, రాయడానికి సులువు. అయితే ఎంచుకున్న రోజుల కన్నా ఆలస్యంగా వచ్చిన రీడింగు లెక్కకు అందదు. అలాంటివి ఎన్ని వచ్చాయో వేరుగా లెక్కపెట్టి చూపాలి.

*మూడవ మెట్టు: పాత ఫలితం స్థానంలో కొత్త ఫలితం ఉంచడం.* తేడాలను రీడింగు సమయం వరసలోనే కట్టాలి.

```sql
SELECT reading_time AS from_time,
       LEAD(reading_time) OVER w AS to_time,
       LEAD(kwh_total) OVER w - kwh_total AS used
FROM readings
WHERE meter_no = :m
WINDOW w AS (ORDER BY reading_time);
```

వచ్చిన ఫలితాన్ని పాతదానికి కూడకూడదు. ఆ మీటరుకు, ఆ తేదీకి ఉన్న వరసను తీసి దాని స్థానంలో కొత్తది రాయాలి. అప్పుడు అదే పనిని రెండుసార్లు నడిపినా జవాబు ఒకటే వస్తుంది. పని మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి నడపడానికి భయం ఉండదు. రెండుసార్లు వచ్చిన రీడింగుల విషయంలోనూ ఇదే సూత్రం. మీటరు నంబరు, రీడింగు సమయం కలిపి ప్రాథమిక కీగా పెడితే రెండవ ప్రతి చేరదు. అదే మీటరుకు, అదే సమయానికి వేరే అంకె వస్తే మాత్రం దాన్ని విడిగా ఉంచి పరిశీలించాలి.

6.6 ఖాళీ రోజులకు అంచనా

ఈ పద్ధతి మన ఇంటి విషయంలో రాత్రి రాత్రికీ ఎలా నడుస్తుందో చూద్దాం.

జూన్ 4, 5 తేదీల్లో 2 గంటలకు లెక్క నడిచినప్పుడు కొత్త రీడింగు లేదు. కాబట్టి జూన్ 3, 4 తేదీలకు ‘రీడింగు అందలేదు’ అని ఉంటుంది. జూన్ 6న 4846.7 అందింది. జూన్ 3, 4, 5 తేదీల మొత్తం 21.6 అని తెలిసింది. దాన్ని సమానంగా పంచితే రోజుకు 7.2. ఇవి అంచనాలు. జూన్ 7 నాటికి 4831.3 కూడా చేరింది. జూన్ 3 వినియోగం వాస్తవంగా 6.2 అని తేలింది. మిగిలిన 15.4ను జూన్ 4, 5 తేదీలకు పంచితే 7.7 చొప్పున వస్తుంది. జూన్ 6కు 6.3 వాస్తవం. చివరికి జూన్ 10 రాత్రి లెక్కలో 4841.5 కూడా చేరడంతో జూన్ 4కు 10.2, జూన్ 5కు 5.2 అని స్థిరపడింది.

| తేదీ | జూన్ 6 లెక్క | జూన్ 7 లెక్క | జూన్ 10 లెక్క |
|---|---|---|---|
| జూన్ 3 | 7.2 అంచనా | 6.2 | 6.2 |
| జూన్ 4 | 7.2 అంచనా | 7.7 అంచనా | 10.2 |
| జూన్ 5 | 7.2 అంచనా | 7.7 అంచనా | 5.2 |
| మొత్తం | 21.6 | 21.6 | 21.6 |

రోజుల అంకెలు మారాయి గాని, మొత్తం మారలేదు. అంచనాకు ఉండవలసిన మొదటి లక్షణం ఇదే. కిందటి వారం సగటును తెచ్చి ఖాళీలో పెడితే ఈ లక్షణం పోతుంది. కావాలంటే కిందటి వారంలోని హెచ్చుతగ్గులను చూసి ఏ రోజుకు ఎంత వాటా ఇవ్వాలో నిర్ణయించవచ్చు. కాని ఆ వాటాల మొత్తం 21.6 కావలసిందే.

రీడింగు అర్ధరాత్రి కాక మరో వేళ తీసినదైతే గంటల నిష్పత్తిలో పంచాలి. జూన్ 9 ఉదయం 6 నుంచి జూన్ 11 ఉదయం 6 వరకు, అంటే 48 గంటలకు, 12 యూనిట్లు అయ్యాయనుకోండి. అందులో జూన్ 9కి 18 గంటలు, జూన్ 10కి 24 గంటలు, జూన్ 11కు 6 గంటలు వస్తాయి. వాటాలు వరసగా 4.5, 6.0, 1.5 యూనిట్లు.

అంచనాకు ఒక పరిమితి ఉంది. ఖాళీ ఒకే నెలలోపల ఉంటే నెల మొత్తం చెడదు. ఖాళీ రెండు నెలల మధ్య పడితే, ఏ నెలకు ఎంత అన్నది కూడా అంచనాయే అవుతుంది. అప్పుడు ఆ రెండు నెలల మొత్తాలనూ అంచనాలుగానే చూపాలి. బిల్లు కాలం రీడింగు తీసిన తేదీ నుంచి మళ్లీ తీసిన తేదీ వరకు ఉంటుంది కాబట్టి, క్యాలెండరు నెల మొత్తం బిల్లుతో సరిపోవాలని లేదు. ఈ సంగతి కూడా తెరమీద రాయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

ఒక మీటరు అర్ధరాత్రి రీడింగులు: జులై 10న 2310.0, జులై 11న 2315.5, జులై 14న 2336.5. (అ) జులై 11, 12, 13 తేదీల వినియోగాన్ని సమానంగా అంచనా వేయండి. (ఆ) తరవాత జులై 12 రీడింగు 2321.0 చేరింది. లెక్కను తిరిగి చేయండి.

6.7 తెరమీద ఏం చూపాలి?

సున్నా యూనిట్లు వాడిన రోజు వేరు, రీడింగు అందని రోజు వేరు. ఇల్లు తాళం వేసి మెయిన్ స్విచ్ ఆపి ఊరెళ్లినా, రోజంతా సరఫరా లేకపోయినా వినియోగం నిజంగానే సున్నా. అప్పుడు రెండు రీడింగులూ అందుతాయి, వాటి తేడా సున్నా. రీడింగే అందకపోతే ఏమీ తెలియదు. అక్కడ సున్నా రాయడం తప్పుడు సమాచారం. అందుకే ప్రతి రోజు అంకె పక్కన దాని స్థితిని కూడా భద్రపరచాలి. వాస్తవమైతే నిండు పట్టీగా, అంచనా అయితే గీతల పట్టీగా, అందకపోతే ఖాళీగా వదిలి కింద ‘రీడింగు అందలేదు’ అని చూపవచ్చు.

డ్యాష్‌బోర్డు పైభాగంలో సాధారణంగా ‘తాజాగా మార్చినది: జూన్ 5, 02:00’ అని ఉంటుంది. ప్రోగ్రాము నడిచిన సమయం అది. మన ఇంటికి అప్పటికి అందిన చివరి రీడింగు జూన్ 3 అర్ధరాత్రిది. చదివేవారికి కావలసినది ఈ రెండవ సమయం. రెండింటినీ చూపాలి.

అనేక మీటర్ల మొత్తం చూపేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద 120 మీటర్లు ఉన్నాయనుకుందాం. ఒక రోజు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి మీటరు 760 యూనిట్లు సరఫరా అయినట్లు చూపింది. ఆ రాత్రికి 103 ఇళ్ల లెక్కే తెలిసింది. వాటి మొత్తం 618 యూనిట్లు. తేడా 142 యూనిట్లు, అంటే 18.7 శాతం. ఇంత నష్టం చూసిన అధికారి దొంగ కనెక్షన్లున్నాయని అనుమానించవచ్చు. మూడు రోజుల తరవాత మిగిలిన 17 మీటర్ల రీడింగులు చేరి మొత్తం 716 అయితే తేడా 44 యూనిట్లకు, అంటే 5.8 శాతానికి తగ్గుతుంది. కాబట్టి మొత్తం పక్కన ‘120లో 103 మీటర్లు’ అని తప్పక చూపాలి. మీటర్లన్నీ చేరేవరకు నష్టం శాతాన్ని ప్రకటించకపోవడమే మేలు.

6.8 లెక్క తప్పిందని గుర్తించడం

అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష చాలా చిన్నది. ఏ కాలానికైనా రోజుల వినియోగాల మొత్తం, చివరి రీడింగు నుంచి మొదటి రీడింగును తీసివేస్తే వచ్చే అంకెతో సమానం కావాలి. ప్రతి రాత్రి లెక్క పూర్తయ్యాక ప్రతి మీటరుకూ ఈ పరీక్ష పెట్టాలి. 6.4లోని 43.3, 27.9ల తేడా ఈ పరీక్షతో మొదటి రాత్రే బయటపడేది.

రీడింగు సమయం వరసలో పెట్టిన తరవాత కూడా రుణసంఖ్య వస్తే దాన్ని సున్నా చేయకూడదు. అది ఒక సంఘటనకు గుర్తు. సాధారణంగా మీటరు మార్చినప్పుడు ఇలా జరుగుతుంది. పాత మీటరు 9120 దగ్గర ఆగిపోయి కొత్తది 0 నుంచి మొదలైతే తేడా –9120 చుట్టూ వస్తుంది. పాత మీటరు ముగింపు రీడింగును, కొత్త మీటరు ఆరంభ రీడింగును నమోదు చేసి, రెండు భాగాలనూ విడిగా లెక్కించి కలపాలి. వినియోగదారుని నంబరుకు బదులు మీటరు నంబరు వారీగా తేడాలు కట్టాలనడానికి కారణం ఇదే.

ప్రతి ఇంటికీ వినియోగం ఒక రోజు నుంచి పక్క రోజుకు జరిగినట్లు కనిపిస్తే సమయం మార్పిడిని అనుమానించాలి. కేంద్ర కంప్యూటరులో సమయాలు యూటీసీలో ఉంటే, భారత కాలమానం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. మన అర్ధరాత్రి అక్కడ కిందటి తేదీ 18:30. ఈ మార్పు చేయకుండా తేదీని కత్తిరిస్తే, మన తెల్లవారుజామున 5:30 వరకు జరిగిన వినియోగం కిందటి రోజులో పడుతుంది. మొత్తాలు మాత్రం సరిగానే ఉంటాయి కాబట్టి పై పరీక్షకు ఈ తప్పు దొరకదు. ఒక మీటరు దగ్గర అర్ధరాత్రి అంకెను చేతితో సరిపోల్చుకోవడమే దీనికి మార్గం.

6.9 సారాంశం

మీటరు మొత్తాన్ని చెబుతుంది. రోజు వినియోగం రెండు రీడింగుల తేడా. తేడాలను రీడింగు సమయం ప్రకారం కట్టాలి, కొత్తవాటిని చేరిన సమయం ప్రకారం వెతకాలి. ఆలస్యంగా వచ్చిన ప్రతి రీడింగు తన ముందు, తరవాతి రీడింగుల మధ్యనున్న రోజులను మారుస్తుంది. ఆ రోజుల పాత ఫలితాన్ని తీసి కొత్తది రాయాలి. అంచనాల మొత్తం తెలిసిన తేడాతో సమానం కావాలి. అందని రీడింగును సున్నాగా చూపకూడదు.

6.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. (అ) 2336.5 – 2315.5 = 21.0, రోజుకు 7.0 యూనిట్లు. (ఆ) జులై 11కు 5.5 వాస్తవం. మిగిలిన 15.5ను పంచితే జులై 12, 13 తేదీలకు 7.75 చొప్పున అంచనా. మొత్తం 21.0. జులై 10 వినియోగం రెండు లెక్కల్లోనూ 5.5, అది మారదు.

6.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. రీడింగు సమయం, చేరిన సమయం – వీటి ఉపయోగాలను ఉదాహరణతో వివరించండి.
2. రుణసంఖ్యను సున్నాగా మార్చడం వల్ల నెల మొత్తం ఎందుకు పెరుగుతుంది?

II. కింది ప్రశ్నకు 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. ఒక మీటరు మూడు రోజులు సమాచారం పంపక, తరవాత రీడింగులను తారుమారు వరసలో పంపింది. ప్రతి రాత్రి డ్యాష్‌బోర్డులో కనిపించవలసిన అంకెలను, వాటి స్థితిని సొంత ఉదాహరణతో చూపండి.